గిలక లెక్కలో దారితప్పిన రెండు మీటర్లు

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. గిలకకు తాడు చుట్టి, కొసన బకెట్ కట్టి వదిలితే బకెట్ ఎంత త్వరణంతో దిగుతుంది అన్న లెక్కలో నాకు a = mg/(m + I) వచ్చింది. బకెట్ 2 కిలోలు, గిలక 4 కిలోలు, వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు, గిలకను బిళ్ళగా తీసుకోమన్నారు. అంకెలు వేస్తే 9.42 వచ్చింది. g కన్నా తక్కువే కదా, సరిపోయింది అనుకున్నాను. పుస్తకంలో జవాబు 4.9. ప్రమాణాలు చూసుకుంటే తప్పు వెంటనే తెలిసేదని మా సార్ అన్నారు. ఎలా చూసుకోవాలి? రేడియన్‌ను ఒక చోట రాసి ఇంకో చోట వదిలేస్తారు, అదీ అర్థం కాదు. టార్క్‌కూ శక్తికీ ఒకే ప్రమాణం ఎందుకు?

సమాధానం:

హారం చూడండి. అక్కడ m + I అని ఉంది. m ద్రవ్యరాశి, దాన్ని కిలోగ్రాముల్లో కొలుస్తాం. I జడత్వ భ్రామకం. అది ద్రవ్యరాశిని దూరపు వర్గంతో గుణిస్తే వచ్చేది కాబట్టి దాని ప్రమాణం kg·m². ఈ రెండింటి మధ్య కూడిక గుర్తు పెట్టడానికి వీల్లేదు. ధాన్యం తూకానికి పొలం విస్తీర్ణాన్ని కూడితే వచ్చే సంఖ్యకు అర్థం లేనట్టే దీనికీ అర్థం లేదు. ఒక రాశిలో ద్రవ్యరాశి, పొడవు, కాలం ఏయే ఘాతాల్లో ఉన్నాయో చెప్పేవి దాని మితులు. ఒకే మితులు ఉన్న రాశులనే కూడాలి, తీసివేయాలి, సమానం అనాలి. మీ సార్ వెంటనే తెలుస్తుందన్నది దీన్ని చూసే.

కానీ "కూడకూడదు" అన్నది నియమంగా మాత్రమే గుర్తుంటే పరీక్షలో అక్కరకు రాదు. ఎందుకు కూడకూడదో ఒక్కసారి చేత్తో చేసి చూడండి. మీరు వ్యాసార్ధాన్ని 0.2 మీటర్లుగా తీసుకున్నారు. అప్పుడు I = ½ × 4 × 0.04 = 0.08 kg·m². మీ సూత్రం ప్రకారం 19.6 ను 2.08 తో భాగిస్తే 9.42 వచ్చింది. ఇప్పుడు అదే గిలకను సెంటీమీటర్లలో కొలవండి. వ్యాసార్ధం 20 కాబట్టి I = ½ × 4 × 400 = 800 kg·cm². బకెట్ బరువును మార్చకుండా 19.6 గానే ఉంచి మీ సూత్రంలో వేస్తే 19.6 ను 802 తో భాగించాలి. జవాబు 0.0244. అదే గిలక, అదే బకెట్, అదే తాడు. కొలబద్ద మీద గీతలు మారినంత మాత్రాన బకెట్ దాదాపు నాలుగు వందల రెట్లు నెమ్మదిగా దిగుతుందా?

పుస్తకంలోని సూత్రాన్నీ ఇదే పరీక్షకు పెట్టండి.

```
a = mg / (m + I/R²)
```

మీటర్లలో I/R² = 0.08/0.04 = 2. సెంటీమీటర్లలో I/R² = 800/400 = 2. రెండు చోట్లా హారం 4 కిలోగ్రాములే, జవాబు 4.9 మీ/సె²యే. మితులు కుదిరిన సూత్రం మనం ఏ కొలబద్ద వాడామో పట్టించుకోదు. కుదరని సూత్రం కొలబద్దను బట్టి జవాబు మారుస్తుంది. మితుల పరీక్షలో ఉన్న బలమంతా ఇదే. మీకు వచ్చిన 9.42 చూడడానికి ఎంతో సహజంగా ఉంది, g కన్నా తక్కువగా ఉంది, కాబట్టి సంఖ్యను ఎంతసేపు చూసినా అది పట్టుబడదు. పట్టుబడేది అక్షరాల్లో ఉన్నప్పుడే.

అందుకే నా విద్యార్థులకు మొదట చెప్పే మాట ఇది: లెక్క పూర్తయ్యేదాకా అక్షరాలను అక్షరాలుగానే ఉంచండి. మొదటి వరుసలోనే R బదులు 0.2, I బదులు 0.08 వేసేస్తే, ఏ సంఖ్యలో ఎన్ని మీటర్లు దాగి ఉన్నాయో తర్వాత చెప్పలేరు. 0.08 ను 2 తో కూడుతున్నప్పుడు కాగితం ఏ అభ్యంతరమూ చెప్పదు. I ని m తో కూడుతున్నప్పుడు మాత్రం, అలవాటున్న కంటికి అది ముల్లులా గుచ్చుకుంటుంది.

తప్పు ఉందని తెలియడం ఒక ఎత్తు, అది ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం ఇంకో ఎత్తు. మితులు ఆ దారి కూడా చూపిస్తాయి. I లో కిలోగ్రాముతో పాటు రెండు మీటర్లు అదనంగా ఉన్నాయి. అంటే ఎక్కడో రెండు మీటర్లతో భాగించడం మరిచిపోయారు. ఈ లెక్కలో ఉత్త పొడవుగా ఉన్న అక్షరం R ఒక్కటే. కాబట్టి రెండు R లు జారిపోయి ఉండాలి. అవి ఎక్కడ ఉండాల్సినవో చూద్దాం. సరైన లెక్క ఈ మూడు వరుసలు:

```
mg - T = m·a
T·R = I·α
a = R·α
```

ఇక్కడ T తాడు తన్యత, α గిలక కోణీయ త్వరణం. మొదటిది బకెట్‌కు, రెండోది గిలకకు, మూడోది తాడు జారకుండా ఆ రెండింటినీ కలిపే షరతు. మీరు చేసిన లెక్క నాకు కనబడలేదు గానీ, వచ్చిన జవాబును బట్టి రెండో వరుసలో T = Iα అనీ, మూడో వరుసలో a = α అనీ రాసి ఉంటారు. ఒక్కొక్కదాన్నీ తూచి చూడండి. T బలం, kg·m/s². Iα అంటే kg·m² ను 1/s² తో గుణించినది, kg·m²/s². కుడి వైపు ఒక మీటరు ఎక్కువ ఉంది. ఎడమ వైపు ఉండాల్సిన R రాలేదన్నమాట. గిలకను తిప్పేది బలం కాదు, బలాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే వచ్చే టార్క్. అలాగే a కి ప్రమాణం m/s², α కి 1/s². ఇక్కడా ఒక మీటరు తేడా, ఇక్కడా R రాలేదు. రెండు తప్పులు, రెండు మీటర్లు. లెక్క సరిపోయింది.

వీటిలో ఒక్కటే మరిచిపోయి ఉంటే హారంలో m + I/R వచ్చేది. అప్పుడు జవాబు 8.17. అదీ చూడడానికి బాగానే ఉంటుంది. కానీ I/R అంటే kg·m, ఒక మీటరు ఎక్కువ. ఒక మీటరు ఎక్కువైతే ఒక చోట, రెండు ఎక్కువైతే రెండు చోట్ల వెతకాలి. రెండేళ్ళ కిందటి జవాబు పత్రాన్ని ఇప్పుడు తీసి చూసుకున్నా, ఈ పద్ధతిలో ఏ వరుసలో కాలు జారిందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

దీన్నే కొంచెం విస్తరిస్తే భ్రమణ చలనం మొత్తానికీ సరిపోయే ఒక చిన్న లెక్క వస్తుంది. సరళరేఖలో చలనానికి ఉన్న ప్రతి రాశికీ భ్రమణంలో ఒక జోడు ఉందని మీరు చదివారు. ఆ జోడులో తేడా అంతా మీటర్ల సంఖ్యలోనే. దూరం, వేగం, త్వరణం అనే మూడింటి నుంచి కోణం, కోణీయ వేగం, కోణీయ త్వరణానికి వస్తే ఒక మీటరు తగ్గుతుంది. బలం నుంచి టార్క్‌కు, ద్రవ్యవేగం నుంచి కోణీయ ద్రవ్యవేగానికి వస్తే ఒక మీటరు పెరుగుతుంది. ద్రవ్యరాశి నుంచి జడత్వ భ్రామకానికి వస్తే రెండు మీటర్లు పెరుగుతాయి. శక్తి, సామర్థ్యం మాత్రం ఏ మార్పూ లేకుండా అలాగే ఉంటాయి, ఎందుకంటే తిరుగుతున్న వస్తువులోని శక్తి, దొర్లకుండా పోతున్న వస్తువులోని శక్తి వేర్వేరు జాతులు కావు.

ఇప్పుడు సూత్రాన్ని ఈ అంకెలతోనే పరీక్షించవచ్చు. τ = Iα లో ఎడమ వైపు +1. కుడి వైపు I కి +2, α కి −1, మొత్తం +1. సరిపోయింది. L = Iω లోనూ అంతే. గతిజశక్తి ½Iω² లో I కి +2, ω రెండుసార్లు ఉంది కాబట్టి −2, మొత్తం సున్నా. శక్తికి సున్నాయే కావాలి. సామర్థ్యం P = τω లో +1, −1, సున్నా. ఎవరైనా తొందరలో గతిజశక్తిని ½Iω అని రాస్తే +1 వస్తుంది, శక్తికి +1 ఉండదు. ఇక్కడ సెకన్లు కూడా తప్పుతాయి గానీ, మీటర్ల లెక్క ఒక్కటే చాలు దాన్ని పట్టుకోవడానికి. పరీక్ష హాలులో M, L, T ఘాతాలన్నీ రాసుకునే తీరిక ఉండదు. ఈ ప్లస్, మైనస్ లెక్క మాత్రం పెన్సిలు ఎత్తకుండానే చేయవచ్చు.

జడత్వ భ్రామకంలో మీటర్లు రెండు ఉన్నాయన్న సంగతి ఇంకో చోట కూడా కొంప ముంచుతుంది. 800 kg·cm² ను మీటర్లలోకి మార్చమంటే చాలామంది వందతో భాగించి 8 అంటారు. సెంటీమీటరు రెండుసార్లు ఉంది కాబట్టి వందతో రెండుసార్లు భాగించాలి, 0.08 రావాలి. ఈ తప్పును అక్షరాల మితులు పట్టుకోలేవు, ఎందుకంటే అక్షరం I గానే ఉంది. దీన్ని పట్టుకోవడానికి వేరే హద్దు ఒకటి ఉంది. R అనేది గిలక అంచు వరకు ఉన్న వ్యాసార్ధం అయితే, దాని మధ్య ఇరుసు చుట్టూ జడత్వ భ్రామకం ఎన్నటికీ MR² ను మించదు. ద్రవ్యరాశి మొత్తం అంచునే ఉన్నప్పుడు వచ్చేది MR². ఏ కాస్త లోపలికి జరిగినా అది తగ్గాల్సిందే. ఇక్కడ MR² = 4 × 0.04 = 0.16. మీకు 8 వచ్చిందంటే ఎక్కడో వంద పోయిందని తెలిసిపోతుంది.

ఇక రేడియన్ సంగతి. మీకు అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. కొలతల సంస్థలే దీన్ని ఒక కొలిక్కి తేవడానికి చాలా ఏళ్ళు తీసుకున్నాయి. 1960లో అంతర్జాతీయ ప్రమాణ వ్యవస్థ ఏర్పడినప్పుడు రేడియన్‌ను మూల ప్రమాణాల్లోనూ చేర్చలేదు, ఉత్పన్న ప్రమాణాల్లోనూ చేర్చలేదు. సంపూరక ప్రమాణం అనే విడి అరలో పెట్టారు. 1995లో ఆ అరనే తీసేసి, దాన్ని మితులు లేని ఉత్పన్న ప్రమాణంగా లెక్కకట్టారు. మీ ఇంట్లో పాత పుస్తకం ఉంటే అందులో ఇంకా సంపూరక ప్రమాణం అనే కనబడవచ్చు.

మితులు ఎందుకు లేవంటే, రేడియన్లలో కోణం అంటే చాపం పొడవును వ్యాసార్ధంతో భాగించినది. మీటరును మీటరుతో భాగిస్తే ఏమీ మిగలదు. అందుకే ω = v/R అని భాగించినప్పుడు మీకు 1/s మాత్రమే వస్తుంది, rad దానంతట అది పుట్టదు. మనం rad/s అని రాసేది, "ఈ సంఖ్య కోణాన్ని రేడియన్లలో కొలిచి చెప్పినది" అని చదివేవాళ్ళకు తెలపడానికి. v = Rω తో మళ్ళీ సరళ వేగంలోకి వెళ్ళినప్పుడు ఆ గుర్తు అవసరం తీరిపోతుంది, కాబట్టి వదిలేస్తాం. అంటే ఒక చోట రాసి ఒక చోట వదిలేయడం వెనుక ఒక పద్ధతి ఉంది: జవాబు కోణానికి సంబంధించినదైతే రాస్తాం, కాకపోతే రాయం.

కానీ ఈ సౌలభ్యానికి ఒక ఖరీదు ఉంది. రేడియన్‌కు మితులు లేనట్టే, చుట్టుకూ లేవు, డిగ్రీకీ లేవు. సెకనుకు 5 చుట్లు అన్నా, సెకనుకు 5 రేడియన్లు అన్నా మితుల లెక్కలో రెండూ 1/s యే. వాటి మధ్య మాత్రం 2π రెట్లు తేడా ఉంది. మితులతో ఈ తప్పు పట్టుబడదు. భ్రమణ చలనంలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి కాబట్టి, ఒక ఉదాహరణ కొంచెం నిదానంగా చూద్దాం.

పొలం దగ్గర నీళ్ళు తోడే 5 హార్స్‌పవర్ మోటారు తీసుకోండి. దాని మీద బిగించిన రేకు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంది. మోటారు పూర్తి సామర్థ్యంతో నడుస్తున్నప్పుడు ఇరుసు మీద టార్క్ ఎంత? ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కాబట్టి, ఐదుకు 3730 వాట్లు. P = τω కాబట్టి τ = P/ω. ఇంతవరకు అందరూ బాగానే రాస్తారు. ఆ తర్వాత ఒకరు 3730 ను నేరుగా 1440 తో భాగించి 2.6 అంటారు. ఇంకొకరు, నిమిషాలను సెకన్లు చేయాలని గుర్తుండి, 1440 ను 60 తో భాగించి 24 తెచ్చి, 3730/24 చేసి 155 అంటారు. రెండో వ్యక్తి మితుల పరీక్షలో నెగ్గుతారు కూడా. వాట్‌ను 1/s తో భాగిస్తే N·m వస్తుంది, ఏ లోపమూ కనబడదు. జవాబు మాత్రం 2π రెట్లు తప్పు.

దీనికి మందు, చుట్టును కూడా ఒక ప్రమాణంగా కాగితం మీద రాయడం. మితులు లేకపోతేనేం, పేరు ఉంది కదా. ఇలా రాయండి:

```
1440 rev/min × (1 min / 60 s) × (2π rad / 1 rev) = 150.8 rad/s
τ = 3730 W ÷ 150.8 rad/s = 24.7 N·m
```

పైన ఉన్న min కింద ఉన్న min తో పోతుంది, rev తో rev పోతుంది, చివరికి rad/s మిగులుతుంది. మధ్యలో ఆగిపోయినవాళ్ళకు rev/s మిగులుతుంది, అది కళ్ళకు కనబడుతుంది. v = Rω, P = τω, ½Iω² లాంటి సూత్రాలన్నీ రేడియన్లలోనే నిజం. కాబట్టి ω స్థానంలో పెట్టబోయే సంఖ్య పక్కన rad/s తప్ప ఇంకేమున్నా చేయి ఆగాలి. శక్తి లెక్కల్లో ఈ పొరపాటు వర్గమవుతుంది. చుట్లను రేడియన్లు చేయకుండా ½Iω² లో వేస్తే జవాబు దాదాపు 39.5 రెట్లు తక్కువ వస్తుంది.

జవాబు చేతికి ఎలా ఉంటుందో కూడా ఊహించుకోండి. పావు మీటరు పొడవున్న పానా చివర 100 న్యూటన్ల బలంతో, అంటే పది కిలోల బరువును ఎత్తేంత బలంతో నొక్కితే 25 N·m టార్క్ వస్తుంది. ఐదు హార్స్‌పవర్ మోటారు ఇరుసు మీద అంత ఉంటుందంటే నమ్మవచ్చు. 155 రావాలంటే అదే పానా చివర ఒక పెద్దమనిషి తన బరువంతా వేసి నిలబడాలి. ఇలా పోల్చి చూసుకోవడం మితుల పరీక్షకు బదులు కాదు, అది వదిలేసిన చోట కాపలా.

మీ మూడో ప్రశ్నకు వస్తే, టార్క్‌కూ శక్తికీ మితులు ఒకటే, కానీ అవి ఒకే రాశి కావు. పనిలో బలమూ దూరమూ ఒకే దిశలో ఉన్న భాగాలను గుణిస్తాం. టార్క్‌లో బలానికి లంబంగా ఉన్న దూరాన్ని గుణిస్తాం. రెండింటిలోనూ న్యూటన్ ఉంది, మీటరు ఉంది, కానీ ఆ మీటరు చేసే పని వేరు. బిగిసిపోయిన బోల్టు మీద పానా పెట్టి గంటసేపు నొక్కినా, అది కదలకపోతే టార్క్ ఉంటుంది గానీ పని సున్నా. అందుకే టార్క్‌ను N·m లోనే రాయాలి, జౌళ్ళలో రాయకూడదన్నది ప్రమాణ వ్యవస్థ పెట్టుకున్న కట్టుబాటు. ఈ రెండింటినీ కలిపే సూత్రం W = τθ. కోణం ఒక రేడియన్ తిరిగితే ఎన్ని జౌళ్ళ పని జరుగుతుందో టార్క్ చెబుతుంది. మనసులో దాన్ని "రేడియన్‌కు ఇన్ని జౌళ్ళు" అని తలచుకోండి, గందరగోళం చాలావరకు తీరుతుంది.

ఈ తలపును లెక్కలోకి కూడా తేవచ్చు. ప్రమాణ వ్యవస్థ అడగకపోయినా, మీ చిత్తు కాగితం మీద రేడియన్‌ను నిజమైన ప్రమాణంలా మోసుకుపోండి. టార్క్ J/rad, జడత్వ భ్రామకం kg·m²/rad², ఇరుసు నుంచి దూరం m/rad. ఇప్పుడు Iα ను తూస్తే kg·m²/(rad·s²), అంటే J/rad, టార్క్‌తో సరిపోతుంది. ½Iω² లో rad² పైన ఒకసారి, కింద ఒకసారి పోయి శుభ్రంగా జౌళ్ళు మిగులుతాయి. గిలక లెక్కలో శక్తి సమీకరణం రాస్తూ ఎవరైనా mgh = τ అని పెడితే, ఒక వైపు J, ఇంకో వైపు J/rad. మామూలు మితులు వదిలేసిన తప్పు ఇక్కడ దొరుకుతుంది. కుడి వైపు θ తో గుణించడం మరిచిపోయారని అర్థం.

ఈ ఉపాయానికీ ఒక హద్దు ఉంది, దాన్ని దాచి చెప్పడం మంచిది కాదు. అభికేంద్ర త్వరణం Rω² ను ఇలా తూస్తే ఒక rad మిగిలిపోతుంది. v²/R ను తూచినా అంతే. అక్కడ R అంటే కోణాన్ని దూరంగా మార్చే గుణకం మాత్రమే కాదు, వేగం దిశ ఎంత చప్పున మలుపు తిరుగుతోందో కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఈ రేడియన్ పద్దును టార్క్, శక్తి, కోణీయ ద్రవ్యవేగం ఉన్న సమీకరణాలకు వాడండి. అభికేంద్ర బలం ఉన్న చోట మామూలు మితులతోనే సరిపెట్టుకోండి. జవాబు పత్రంలో మాత్రం ఎప్పుడూ N·m, kg·m² అనే రాయాలి.

పనిలో పనిగా ఇంకొకటి. వచ్చే ఏడాది మీరు హైడ్రోజన్ పరమాణువు చదువుతారు. అక్కడ బోర్ 1913లో పెట్టిన షరతు L = nh/2π అని వస్తుంది. ప్లాంక్ స్థిరాంకానికీ కోణీయ ద్రవ్యవేగానికీ మితులు ఒకటే, జౌల్·సెకను. అందుకే ఆ 2π ను మరిచిపోతే మితులతో పట్టుబడదు. కానీ E = hf లో f అంటే సెకనుకు ఎన్ని ఆవర్తనాలు అన్నది, కాబట్టి h ఒక ఆవర్తనానికి చెందిన లెక్క. L రేడియన్‌కు చెందిన లెక్క. ఒక ఆవర్తనానికి 2π రేడియన్లు కాబట్టి భాగించాలి. మోటారు లెక్కలో చేసిన rev, rad మార్పిడి ఇక్కడా వేషం మార్చుకుని వచ్చింది.

మళ్ళీ గిలక దగ్గరికి వద్దాం, ఎందుకంటే మితులు కుదిరినంత మాత్రాన జవాబు సరైనదని అనుకునే ప్రమాదం ఉంది. మీరు R లు రెండూ సరిగ్గా పెట్టి, బిళ్ళకు I = ½MR² బదులు MR² అని రాశారనుకోండి. హారం 2 + 4 = 6, జవాబు 3.27. మితులు చక్కగా కుదురుతాయి. ½ కు మితులు లేవు, కాబట్టి అది జారిపోయినా మితులకు తెలియదు. ఇలాంటిదే ఇంకొకటి: ఒకే ఇరుసు మీద చిన్న చక్రం, పెద్ద చక్రం ఉన్న లెక్కల్లో తాడు చిన్నదాని మీద చుట్టి ఉంటే, మీరు పెద్దదాని వ్యాసార్ధం వేసినా మితులు ఏమీ అనవు. రెండూ మీటర్లే.

అలాంటి చోట్ల రెండు పనులు చేస్తాను. ఒకటి, కొసలకు తీసుకువెళ్ళి చూడడం. గిలక ద్రవ్యరాశి సున్నా అయితే బకెట్ స్వేచ్ఛగా పడాలి. I = 0 పెడితే a = g వస్తోందా? వస్తోంది. గిలక కొండంత బరువైతే బకెట్ కదలకూడదు. I చాలా పెద్దదైతే a సున్నాకు దగ్గరవుతోందా? అవుతోంది. రెండు, జవాబును ఇంకో దారిలో సరిచూడడం. బకెట్ నిలకడ నుంచి ఒక మీటరు దిగిందనుకోండి. పోయిన స్థితిజశక్తి 2 × 9.8 × 1 = 19.6 జౌళ్ళు. a = 4.9 అయితే v² = 2 × 4.9 × 1 = 9.8. బకెట్ గతిజశక్తి ½ × 2 × 9.8 = 9.8 జౌళ్ళు. గిలకకు ω² = v²/R² = 9.8/0.04 = 245, కాబట్టి దాని గతిజశక్తి ½ × 0.08 × 245 = 9.8 జౌళ్ళు. రెండూ కలిపితే 19.6. పోయిందంతా దొరికింది. మీ 9.42 తో ఇదే చేసి చూడండి. ఒక్క బకెట్ గతిజశక్తే 18.84 జౌళ్ళు వస్తుంది, గిలకకు మరో 18.84. మొత్తం 37.7. ఉన్నది 19.6 అయితే మిగతాది ఎవరిచ్చారు?

ఒక మాట చెప్పాలి. బిళ్ళ అయినదాన్ని వలయం అనుకుని మొదటే I తప్పుగా తీసుకుంటే, ఆ శక్తి లెక్క కూడా తప్పు I తోనే చక్కగా కుదురుతుంది. దాన్ని పట్టుకునేది వస్తువు ఆకారాన్ని మరోసారి చూసే కన్ను మాత్రమే. సూత్రంలోని ½, ⅖ లాంటి గుణకాలు ఆకారం నుంచే వస్తాయి, కాబట్టి I రాసిన వెంటనే పక్కన "బిళ్ళ, మధ్య ఇరుసు" అని రెండు మాటలు రాసుకోవడం మంచి అలవాటు.

నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే పరీక్షల్లో ఇవన్నీ ఎలా కలిసివస్తాయో చూపించి ఆపుతాను. h ఎత్తు నుంచి జారకుండా దొర్లుతూ వాలు తలం దిగిన వస్తువు వేగం అడిగారు. భ్రమణ వ్యాసార్ధం k. ఇచ్చిన జవాబులు ఇవి:

```
(1) v = √( 2gh / (1 + k²) )
(2) v = √( gh / (1 + k²/R²) )
(3) v = √( 2gh / (1 + k²/R²) )
(4) v = √( 2gh / (1 + k/R²) )
```

k పొడవు. మొదటిదానిలో 1 కి m² ను కూడారు, పోయింది. నాలుగోదానిలో k/R² అంటే 1/m, అదీ 1 తో కలవదు, పోయింది. మిగిలిన రెండూ మితుల్లో నిర్దోషులే, తేడా ఒక్క 2. ఇప్పుడు k = 0 పెట్టండి. ద్రవ్యరాశి అంతా మధ్యలోనే ఉంటే తిరగడానికి శక్తి ఖర్చు కాదు, కాబట్టి v² = 2gh రావాలి. రెండోది gh ఇస్తోంది, పోయింది. సమీకరణం ఒక్కటి కూడా సాధించకుండా మూడోదానికి చేరాం. సమయం ఉంటే సాధించి సరిచూసుకోండి, ఎందుకంటే రెండు జవాబులు ఈ జల్లెడ నుంచి జారిపడని ప్రశ్నలూ ఉంటాయి.

మీ కోసం ఒకటి వదిలేస్తున్నాను. అదే గిలక లెక్కలో తాడు తన్యత T = mgI/(I + mR) అని మీ పక్కవాళ్ళు రాశారనుకోండి. ఎన్ని మీటర్లు తక్కువయ్యాయో, ఎక్కడ తక్కువయ్యాయో మొదట అక్షరాల్లోనే కనిపెట్టండి. సరిదిద్దాక అంకెలు వేస్తే 9.8 న్యూటన్లు రావాలి. రాకపోతే మీ మూడు వరుసలూ ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.